కంటింజెన్సీ పట్టికలపై కై-వర్గ పరీక్ష: ఫలితాల నివేదన పద్ధతి – నెల్లూరు తీరపు రొయ్యల గుంటల ఉదాహరణ

వ్యాస సంగ్రహం

రెండు వర్గీకృత చరాల మధ్య సంబంధాన్ని పరిశీలించడానికి పరిశోధకులు విరివిగా వాడే సాధనం కై-వర్గ పరీక్ష. ఆ పరీక్ష ఫలితాన్ని నివేదించేటప్పుడు ఆశించిన పౌనఃపున్యాలను, ప్రభావ పరిమాణాన్ని ఎందుకు, ఎలా ఇవ్వాలో ఈ వ్యాసం వివరిస్తుంది. పరిశీలనలు పరస్పరం స్వతంత్రం కానప్పుడు అదే ఫలితం ఎలా మారిపోతుందో నెల్లూరు తీరపు రొయ్యల సాగును ఉదాహరణగా తీసుకొని చూపుతుంది.

కీలక పదాలు: కై-వర్గ పరీక్ష, కంటింజెన్సీ పట్టిక, ఆశించిన పౌనఃపున్యం, క్రామర్ వి, రావు–స్కాట్ సవరణ.

1. ఉపోద్ఘాతం

"కై-వర్గ విలువ 0.05 స్థాయిలో సార్థకమైనది. కనుక శూన్య పరికల్పనను తిరస్కరించడమైనది." సిద్ధాంత గ్రంథాలలో ఈ వాక్యం తరచుగా కనిపిస్తుంది. దీన్ని చదివినవారికి రెండు చరాల మధ్య ఏదో సంబంధం ఉందని మాత్రమే తెలుస్తుంది. ఆ పట్టికకు ఈ పరీక్ష తగినదేనా, సంబంధం ఎంత బలమైనది, అది పట్టికలో ఏ గడుల వద్ద ఉంది అనే ప్రశ్నలకు ఇందులో సమాధానం దొరకదు. పట్టికనే ఇవ్వకుండా ఈ వాక్యం ఒక్కటే ఇస్తే, పరీక్షకులు ఫలితాన్ని సరిచూసే అవకాశం కూడా ఉండదు.

ఈ ప్రశ్నలను ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం. 1994–95 కాలంలో తెల్లమచ్చల వ్యాధి ఆంధ్ర తీరపు రొయ్యల సాగును తీవ్రంగా దెబ్బతీసింది. గుంటకు నీరు ఎక్కడి నుంచి వస్తుందన్నది నాటి నుంచి నేటి వరకు రైతుకు ముఖ్యమైన ప్రశ్నే. నెల్లూరు తీరంలో కండలేరు క్రీకు నుంచి, బకింగ్‌హామ్ కాలువ నుంచి, ఉప్పునీటి బోర్ల నుంచి నీరు తీసుకొనే గుంటలు ఉన్నాయి. నీటి వనరుకూ వ్యాధికీ సంబంధం ఉందా అని ఒక పరిశోధకుడు 120 గుంటలను పరిశీలించాడని అనుకుందాం. ఈ కింది సంఖ్యలు క్షేత్ర గణాంకాలు కావు. లెక్క తేలికగా అర్థం కావడానికి కూర్చినవి.

2. పట్టిక, ఆశించిన పౌనఃపున్యాలు

ప్రతి గడిలో పరిశీలిత పౌనఃపున్యాన్ని, దాని పక్కన కుండలీకరణాలలో ఆశించిన పౌనఃపున్యాన్ని ఇవ్వడం మంచి పద్ధతి.

| నీటి వనరు | వ్యాధి సోకినవి | సోకనివి | మొత్తం |
|---|---|---|---|
| క్రీకు | 26 (20) | 24 (30) | 50 |
| కాలువ | 15 (16) | 25 (24) | 40 |
| బోరు | 7 (12) | 23 (18) | 30 |
| మొత్తం | 48 | 72 | 120 |

నీటి వనరుకూ వ్యాధికీ ఏ సంబంధమూ లేకపోతే ప్రతి గడిలో సగటున ఎన్ని గుంటలు ఉండాలో ఆశించిన పౌనఃపున్యం చెబుతుంది. ఆ గడి ఉన్న అడ్డువరుస మొత్తాన్ని, నిలువు వరుస మొత్తంతో గుణించి, సర్వ మొత్తంతో భాగిస్తే అది వస్తుంది. క్రీకు గుంటలలో వ్యాధి సోకినవాటికి ఇది 50 × 48 / 120 = 20. ప్రతి గడిలోనూ పరిశీలిత, ఆశించిన విలువల తేడాను వర్గం చేసి, ఆశించిన విలువతో భాగించి, ఆరు గడుల ఫలితాలను కూడితే కై-వర్గ విలువ 6.58 వస్తుంది. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (3 − 1) × (2 − 1) = 2. పి-విలువ 0.037.

ఈ లెక్కలోకి గుంటల సంఖ్యలే వెళ్లాలి, శాతాలు వెళ్లకూడదు. మూడు వనరులలోనూ వ్యాధి శాతాలు వరుసగా 52, 37.5, 23.3. ఈ శాతాలనూ, వ్యాధి సోకని గుంటల శాతాలనూ సంఖ్యలుగా భావించి పట్టికలో వేస్తే కై-వర్గ విలువ 17.5కు పెరుగుతుంది. 120 గుంటలను 300 గుంటలుగా లెక్కించడమే దానికి కారణం. ప్రచురిత పట్టికలో మొత్తాలు ఇస్తే ఇటువంటి పొరపాటును పాఠకుడు నిమిషంలో పట్టుకోగలడు.

3. ఆశించిన పౌనఃపున్యాలను ఎందుకు చూపాలి?

పి-విలువను కై-వర్గ విభాజనం నుంచి తీసుకోవడం ఒక ఉజ్జాయింపు. ఆశించిన పౌనఃపున్యాలు బాగా చిన్నవైనప్పుడు ఆ ఉజ్జాయింపు నమ్మదగినది కాదు. విలియం కాక్రన్ 1954లో సూచించిన నియమం నేటికీ వాడుకలో ఉంది: ఏ గడిలోనూ ఆశించిన విలువ 1 కంటే తక్కువ ఉండరాదు, 5 కంటే తక్కువ ఉన్న గడులు మొత్తం గడులలో 20 శాతానికి మించరాదు. ఈ నియమం ఆశించిన విలువలకు వర్తిస్తుంది, పరిశీలిత విలువలకు కాదు. ఒక గడిలో 3 గుంటలే కనిపించినా అక్కడ ఆశించినది 12 అయితే అభ్యంతరం లేదు.

మన పట్టికలో కనిష్ఠ ఆశించిన విలువ 12. కనుక ఇబ్బంది లేదు. సముద్రం నుంచి నేరుగా నీరు తోడుకొనే 5 గుంటలను నాలుగో వర్గంగా చేర్చామనుకుందాం. వాటిలో 2 గుంటలకు వ్యాధి సోకిందనుకుంటే, మొత్తం 125 గుంటలలో 50 వ్యాధిగ్రస్తం. కొత్త అడ్డువరుసలో ఆశించిన విలువలు 2, 3 అవుతాయి. ఎనిమిది గడులలో రెండు, అంటే 25 శాతం, 5 కంటే తక్కువ. నియమం దాటిపోయింది. అప్పుడు ఫిషర్ కచ్చిత పరీక్షను వాడవచ్చు. వర్గాలను కలపాలనుకుంటే, కలపడానికి విషయపరమైన కారణం ఉండాలి. ఆ నిర్ణయం ఫలితం చూడకముందే జరిగి ఉండాలి. సార్థకత వచ్చేవరకు వర్గాలను కలుపుతూ పోతే పి-విలువకు అర్థం ఉండదు.

4. ప్రభావ పరిమాణం: క్రామర్ వి

కై-వర్గ విలువ సంబంధపు బలాన్ని నేరుగా చెప్పదు. అది నమూనా పరిమాణంతో పాటు పెరుగుతుంది. మన పట్టికలో ప్రతి సంఖ్యనూ పది రెట్లు చేస్తే వ్యాధి శాతాలు ఏ మాత్రం మారవు. కై-వర్గ విలువ మాత్రం 65.8 అవుతుంది. అందువల్ల నమూనా పరిమాణపు ప్రభావాన్ని తొలగించిన కొలమానం అవసరం. హరాల్డ్ క్రామర్ పేరుతో ఉన్న వి విలువ ఆ పని చేస్తుంది:

V = √( χ² / (N × k) )

ఇక్కడ k అంటే అడ్డువరుసల సంఖ్య, నిలువు వరుసల సంఖ్యలలో చిన్నదాని నుంచి 1 తీసివేయగా వచ్చినది. మన పట్టికలో k = 1; కనుక V = √(6.58 / 120) = 0.23. పదింతల పట్టికలోనూ ఇది 0.23 గానే ఉంటుంది. 2 × 2 పట్టికలో వి విలువ, ఫై గుణకపు పరమ విలువ ఒకటే.

వి విలువను "అల్పం", "మధ్యమం" అని పేర్కొని వదిలేయడం చాలదు. దాని పక్కన శాతాలు ఇస్తే అర్థం స్పష్టమవుతుంది: క్రీకు గుంటలలో 52 శాతానికి, బోరు గుంటలలో 23.3 శాతానికి వ్యాధి సోకింది. సంబంధం ఏ గడుల వద్ద ఉందో సవరించిన ప్రామాణిక అవశేషాలు చూపుతాయి. వ్యాధి సోకిన గడులలో ఇవి క్రీకుకు 2.27, కాలువకు −0.40, బోరుకు −2.15. పరమ విలువ సుమారు 2 దాటిన గడులను గమనించాలి. కాలువ గుంటలు మొత్తం సగటుకు దగ్గరగానే ఉన్నాయి. తేడా క్రీకు, బోరు గుంటల వద్దే ఉంది.

ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఈ విలువలన్నీ ఇలా లభిస్తాయి:

```r
t <- matrix(c(26,24, 15,25, 7,23), nrow=3, byrow=TRUE)
r <- chisq.test(t)
r
r$expected
r$stdres
sqrt(unname(r$statistic) / sum(t))
```

చివరి పంక్తి k = 1 అయిన పట్టికకే సరిపోతుంది. 2 × 2 పట్టికకు ఈ ఆదేశం తనంతట తానే యేట్స్ సవరణ చేస్తుంది. ఆ సవరణ చేశారో లేదో వ్యాసంలో చెప్పాలి. అక్కర్లేదనుకుంటే `correct=FALSE` అని చేర్చాలి.

5. 120 గుంటలు 120 పరిశీలనలేనా?

ఇంతవరకు లెక్క సరైనదే. అయితే ఒక్కొక్క గుంట ఇతర గుంటలతో సంబంధం లేని స్వతంత్ర పరిశీలన అని ఈ లెక్క భావిస్తుంది. రొయ్యల సాగులో అది నిజం కాకపోవచ్చు. ఒకే రైతుకు పక్కపక్కనే అనేక గుంటలు ఉంటాయి. అన్నింటిలో ఒకే హేచరీ పిల్ల, ఒకే మేత పడవచ్చు. ఒక గుంటలో సోకిన వైరస్ నీటి ద్వారా, పీతల ద్వారా పక్క గుంటకు చేరుతుంది. అలాంటప్పుడు మూడు గుంటలు మూడు వేర్వేరు సాక్ష్యాలుగా నిలవవు.

ఈ 120 గుంటలు 40 మంది రైతులవని, ఒక్కొక్కరికి సగటున మూడు గుంటలని, ఒక రైతు గుంటలన్నింటికీ ఒకే నీటి వనరని అనుకుందాం. ఒకే రైతు గుంటల మధ్య పోలికను కొలిచే అంతర్వర్గ సహసంబంధం 0.3 అనుకుంటే, రూపకల్పన ప్రభావం 1 + (3 − 1) × 0.3 = 1.6. కై-వర్గ విలువను దీనితో భాగిస్తే 4.11 వస్తుంది, పి-విలువ 0.13 అవుతుంది. 0.05 స్థాయిలో కనిపించిన సార్థకత నిలవలేదు. వి విలువ 0.23 గానే ఉంది. సంబంధపు అంచనా మారలేదు. దానిపై మనకున్న నిశ్చయం తగ్గింది.

ఈ భాగహారం సరళీకరించిన రూపం. దీని వెనుక ఉన్న సిద్ధాంతాన్ని ఏలూరులో జన్మించిన గణాంక శాస్త్రవేత్త జె.ఎన్.కె. రావు, ఏలస్టేర్ స్కాట్‌తో కలిసి 1981లో ప్రచురించారు. సమూహాలుగా సేకరించిన సర్వే దత్తాంశాలకు మామూలు కై-వర్గ పరీక్ష ఎందుకు చాలదో, దాన్ని ఎలా సవరించాలో వారు చూపారు. ఆర్‌లోని `survey` ప్యాకేజీలో `svychisq` ఆదేశం ఈ సవరణను దత్తాంశాల ఆధారంగానే చేస్తుంది.

ఇందుకు ప్రతి గుంట ఏ రైతుదో నమోదై ఉండాలి. క్షేత్రంలో రాసుకోని ఆ వివరాన్ని తరువాత ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వలేదు. రైతుకు ఒక గుంటను మాత్రమే యాదృచ్ఛికంగా ఎంచుకోవడం మరో మార్గం. అయితే నమూనా 40కి తగ్గి, బోరు వరుసలో వ్యాధి సోకిన గడికి ఆశించిన విలువ సుమారు 4 అవుతుంది. ఆరు గడులలో ఒకటి మాత్రమే 5 కంటే తక్కువ కనుక కాక్రన్ నియమం దాటదు. కానీ ఒకే క్రీకు నీరు తోడే వేర్వేరు రైతుల గుంటల మధ్య పోలిక అప్పటికీ మిగిలే ఉంటుంది.

6. నివేదన నమూనా

పై పట్టికతో పాటు ఫలితాన్ని ఇలా రాయవచ్చు:

"40 మంది రైతుల 120 గుంటలను పరిశీలించగా, తెల్లమచ్చల వ్యాధి క్రీకు గుంటలలో 52 శాతానికి, కాలువ గుంటలలో 37.5 శాతానికి, బోరు గుంటలలో 23.3 శాతానికి సోకింది. కనిష్ఠ ఆశించిన పౌనఃపున్యం 12. గుంటలను స్వతంత్రమని భావిస్తే χ²(2, N = 120) = 6.58, p = 0.037, V = 0.23. ఒకే రైతు గుంటల మధ్య అంతర్వర్గ సహసంబంధం 0.3గా తీసుకొని సవరిస్తే χ² = 4.11, p = 0.13. కనుక నీటి వనరుకూ వ్యాధికీ సంబంధం ఉందని ఈ నమూనా ఆధారంగా నిర్ధారించలేము."

ఈ పేరాలో పి-విలువను 0.05 కంటే తక్కువ అని కాకుండా ఉన్నది ఉన్నట్లు ఇచ్చాం. ప్రతి సంఖ్యనూ పట్టిక నుంచి తిరిగి లెక్కించవచ్చు. సవరణకు తీసుకున్న 0.3 నచ్చని పాఠకుడు 0.1 వేసి చూసుకోవచ్చు. అప్పుడు రూపకల్పన ప్రభావం 1.2, పి-విలువ 0.065. అది కూడా 0.05 దాటినదే.

7. ముగింపు

సవరణ తరువాత సార్థకత నిలిచినా, బోరు నీరే వ్యాధిని ఆపిందని చెప్పడానికి వీలుండదు. బోరు వాడే రైతులు పరీక్షించిన పిల్లను ఎక్కువగా వాడుతూ ఉండవచ్చు. పిల్లల సాంద్రతను తక్కువగా ఉంచుతూ ఉండవచ్చు. పట్టిక చెప్పగలిగేది సంబంధం గురించి మాత్రమే. సవరించని 0.037ను నమ్మి బోరు వేయించే రైతు అప్పు చేసి మరీ వేయించవచ్చు. అందువల్ల రైతుల సంఖ్యను, గుంటల సంఖ్యను వేర్వేరుగా చూపే ఒక్క వాక్యాన్ని వ్యాసంలో వదిలివేయకూడదు.