ఎక్కడి నుంచి జారినా ఒకే సమయం

ఒక తీగను వంపుగా వంచి దానికి పూస గుచ్చామనుకుందాం. రాపిడి ఏమాత్రం లేదు. పూసను తీగ మీద ఏ ఎత్తు నుంచి వదిలినా, అట్టడుగు బిందువుకు చేరడానికి ఒకే సమయం పట్టాలి. పైనుంచి వదిలిన పూస ఎక్కువ దూరం వస్తుంది, కానీ ఎక్కువ వేగమూ అందుకుంటుంది. ఈ రెండూ ప్రతి ఎత్తులోనూ సరిగ్గా సరిపోయే వంపు ఒకటి ఉందని 1659లో క్రిస్టియాన్ హైగెన్స్ కనుక్కున్నాడు. ఆయన ధ్యాసంతా లోలక గడియారం మీద. లోలకం ఎక్కువ ఊగినా తక్కువ ఊగినా గడియారం తప్పకూడదు కదా! ఆ వంపు పేరు సైక్లాయిడ్. చదునైన నేల మీద దొర్లే చక్రం అంచున పెట్టిన చుక్క గాలిలో గీసే దారిని తలకిందులు చేస్తే అదే.

హైగెన్స్ దాన్ని జ్యామితితో నిరూపించాడు. 1823లో నార్వే యువకుడు నీల్స్ హెన్రిక్ ఏబెల్ ప్రశ్నను మరింత విశాలం చేశాడు. ఏ ఎత్తు నుంచి వదిలితే ఎంతసేపు పట్టాలో ముందే చెప్పేస్తే, తీగను ఎలా వంచాలో లెక్కగట్టగలమా? దీనికి ఆయన వెళ్లిన దారి వేరు. ఈనాటి ఇంజినీరింగ్ విద్యార్థి మాత్రం దీన్ని లాప్లాస్ పరివర్తనంతో, కన్వల్యూషన్ సిద్ధాంతంతో నాలుగు వరుసల్లో సాధించగలడు. ఆ నాలుగు వరుసల వెనక ఏం జరుగుతోందో చూద్దాం.

పూసను y ఎత్తులో వదిలాం. అది u ఎత్తుకు దిగేసరికి y−u మేర పడింది కాబట్టి, దాని వేగం √(2g(y−u)). ఆ ఎత్తు దగ్గర du అంత సన్నని పొరలో ఉన్న తీగ పొడవును f(u) du అందాం. తీగ నిట్టనిలువుగా ఉన్నచోట f విలువ 1. వాలుగా ఉన్నచోట అంతకన్నా ఎక్కువ, ఎందుకంటే అదే ఎత్తు దిగడానికి ఎక్కువ తీగ కావాలి. పొడవును వేగంతో భాగిస్తే ఆ పొరలో పట్టే సమయం వస్తుంది. పొరలన్నిటినీ కూడితే మొత్తం సమయం:

T(y) = (1/√(2g)) ∫₀^y f(u) / √(y−u) du

మనకు తెలిసింది T. కావలసింది f. అదేమో సమాకలనం లోపల చిక్కుకుని ఉంది. ఇలాంటి వాటినే సమాకలన సమీకరణాలంటారు.

ఇక్కడ గమనించాల్సింది f పక్కనున్న 1/√(y−u). అది y మీద విడిగా, u మీద విడిగా ఆధారపడటం లేదు, ఆ రెండింటి తేడా మీదే ఆధారపడుతోంది. సమాకలనం కూడా 0 నుంచి y దాకానే నడుస్తోంది. ఈ రెండు లక్షణాలూ ఉంటే ఆ సమాకలనాన్ని f, y^(−1/2) అనే రెండు ప్రమేయాల కన్వల్యూషన్ అంటారు. పై హద్దు y కాకుండా ఏదో ఒక స్థిర సంఖ్య అయితే ఈ పద్ధతి పనికిరాదు. లెక్క మొదలెట్టే ముందే ఇది చూసుకోవాలి.

ఒక ప్రమేయాన్ని e^(−sy)తో గుణించి, సున్నా నుంచి అనంతం దాకా సమాకలనం చేస్తే దాని లాప్లాస్ పరివర్తనం వస్తుంది. f పరివర్తనాన్ని F(s) అందాం. కన్వల్యూషన్‌కు పరివర్తనం కడితే, ఆ రెండు ప్రమేయాల పరివర్తనాల లబ్ధం వస్తుందన్నది సిద్ధాంతం. కారణం e^(−sy)లోనే ఉంది. దాన్ని e^(−su), e^(−s(y−u)) అనే రెండు ముక్కల లబ్ధంగా రాయవచ్చు. మొదటి ముక్క f(u)తో జతకడుతుంది, రెండోది తేడా మీద ఆధారపడే ప్రమేయంతో జతకడుతుంది. y అన్ని విలువలూ తీసుకుంటుంటే u, y−u రెండూ దేనికది స్వేచ్ఛగా సున్నా నుంచి అనంతం దాకా తిరుగుతాయి. దాంతో జంట సమాకలనం రెండు విడి సమాకలనాలుగా తెగిపోతుంది.

విద్యార్థులు తరచూ తడబడేది ఇక్కడే. మామూలు లబ్ధానికి ఈ సూత్రం వర్తించదు. 1 అనే స్థిర ప్రమేయం పరివర్తనం 1/s. అయితే 1/s · 1/s = 1/s² దేని పరివర్తనం? 1×1 = 1 కాబట్టి 1 అనుకుంటే తప్పు, 1 పరివర్తనం 1/s కదా. 1ని 1తో కన్వల్యూషన్ చేస్తే, అంటే 0 నుంచి y దాకా 1ని సమాకలనం చేస్తే, y వస్తుంది. 1/s² దాని పరివర్తనమే.

ఇప్పుడు మన తీగ దగ్గరికి వద్దాం. సమయం ఎప్పుడూ T₀ కావాలి, దాని పరివర్తనం T₀/s. y^(−1/2) పరివర్తనం √(π/s). కాబట్టి:

T₀/s = (1/√(2g)) · F(s) · √(π/s)

సమాకలనం పోయి గుణకారం మిగిలింది, ఇక భాగిస్తే చాలు. F(s) = T₀ √(2g/π) · s^(−1/2). s^(−1/2)ను వెనక్కి తిప్పితే 1/√(πy) వస్తుంది. కాబట్టి:

f(y) = (T₀√(2g)/π) · 1/√y

సరిచూసుకోవడం తేలికే. దీన్ని మొదటి సమీకరణంలో పెడితే ∫₀^y du/√(u(y−u)) మిగులుతుంది. దాని విలువ y ఎంతైనా π మాత్రమే. y మాయమైపోవడం చూస్తే నాకు ఇప్పటికీ ఆనందమే: ఎక్కడి నుంచి వదిలినా ఒకే సమయం అన్న మాట మొత్తం ఆ ఒక్క సమాకలనంలో ఉంది.

అడుగు నుంచి తీగ పొడవు L అయితే, fను సమాకలనం చేసి వర్గం కడితే L² = 8ay వస్తుంది. ఇక్కడ a = gT₀²/π². ఇది a వ్యాసార్ధం గల చక్రం గీసే సైక్లాయిడ్ సమీకరణమే. T₀ ఒక సెకను కావాలంటే, g = 9.8తో a దాదాపు 0.99 మీటరు. అంటే ఇంచుమించు మీటరు వ్యాసార్ధం గల చక్రం చాలు. తీగ పొడవు ఎత్తుకన్నా తక్కువ కాలేదు కాబట్టి f ఎప్పుడూ 1కి తగ్గకూడదు. అది y = 2a వరకే సాధ్యం. చక్రం వ్యాసానికి మించిన ఎత్తులో ఈ తీగ ఉండదు.

సమయం ఎత్తుతో మారేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. అప్పుడు F(s)లో T పరివర్తనం పక్కన s^(1/2) కనిపిస్తుంది. దాన్ని నేరుగా వెనక్కి తిప్పితే వచ్చే మామూలు ప్రమేయం లేదు. అందుకని దాన్ని s · s^(−1/2)గా విడగొడతాం. s^(−1/2) వైపు కన్వల్యూషన్ చేసి, మిగిలిన sకు బదులు అవకలనం చేస్తాం:

f(y) = (√(2g)/π) · d/dy ∫₀^y T(u)/√(y−u) du

T(y) = c√y అని పెట్టి చూడండి. సమాకలనం c·πy/2 అవుతుంది, f = c√(2g)/2 అనే స్థిర సంఖ్య వస్తుంది. అంటే తిన్నని వాలు తీగ. వాలు బల్ల మీద సమయం ఎత్తు వర్గమూలంతో పెరుగుతుందని స్కూల్లో చదివినదే. c = 0.4 అడిగితే, అంటే 4 మీటర్ల ఎత్తు నుంచి 0.8 సెకనులో దిగాలంటే, సూత్రం అభ్యంతరం చెప్పకుండా f = 0.885 ఇస్తుంది. కానీ స్వేచ్ఛగా పడే రాయికే 4 మీటర్లకు 0.9 సెకను పడుతుంది. f విలువ 1కి తగ్గింది కాబట్టి అలాంటి తీగ లేదు.