నల్ల సోఫా మీద తెల్ల వెంట్రుక

మా సోఫాకు మొదటిసారి బట్ట మార్పించినప్పుడు ముదురు కాఫీ రంగు ఎంచుకున్నాం. దాదాపు నలుపే. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒక లాబ్రడార్. ముదురు రంగైతే మురికి కనపడదని ఇంటిల్లిపాదీ తీర్మానించాం. వారం తిరక్కముందే తత్వం బోధపడింది. మా లక్కీది మీగడ రంగు. అది పడుకుని లేచిన చోటల్లా దూది ఏకినట్టుండేది. చిన్నవాడు ఒలకబోసిన మజ్జిగ ఆరి తెల్లగా చారకట్టింది. దాన్ని తడిగుడ్డతో తుడిస్తే, మాది బోరునీళ్లు కదా, ఉప్పు తేలి చుట్టూ ఇంకో గీత పడింది. ఇవేవీ లేని రోజున కిటికీలోంచి వచ్చిన దుమ్ము కనపడేది.

ఇంట్లో మురికంతా నల్లగా ఉండదు మరి. దుమ్ము, పెరుగు, పాలు, బిస్కెట్ పొడి, పౌడరు, అన్నం మెతుకు... అన్నీ లేత రంగువే. ముదురు బట్ట మీద ఇవి పలక మీద సుద్దలా మెరుస్తాయి. అలాగని మీగడ రంగు సోఫా కొంటే కాఫీ, కూర, మట్టికాళ్లు వదిలిపెట్టవు. కాబట్టి వెతకాల్సింది మధ్యలో.

రెండోసారి వచ్చిన సోఫా మేస్త్రీ శాంపిల్ పుస్తకం తెరవకుండానే ఒక మాట అన్నాడు. “అమ్మా, ముందు కుక్కను దువ్వి ఆ బొచ్చు కాస్త తీసుకురండి.” తెచ్చాను. ఐదారు శాంపిల్ ముక్కల మీద చిటికెడు చిటికెడు చల్లి, నన్ను నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూడమన్నాడు. నలుపు మీద, ముదురు నీలం మీద బొచ్చు కొట్టొచ్చినట్టు కనపడింది. బూడిదరంగు మీద కొంచెం తగ్గింది. లేత గోధుమ, ముదురు గోధుమ పోగులు కలిపి నేసిన ముక్క ఒకటుంది, అచ్చం ధనియాల పొడిలా. దాని మీద బొచ్చు ఎక్కడ వేశాడో వెతుక్కోవాల్సి వచ్చింది.

కారణం పెద్దదేం కాదు. వెంట్రుక మన కంటబడేది దానికీ బట్టకీ మధ్య వెలుగు నీడల తేడా వల్ల. తేడా తగ్గితే వెంట్రుక కలిసిపోతుంది. బట్ట ఒకే రంగుగా ఉంటే దాని మీద పడిన ఏ గీతైనా తెలుస్తుంది. రెండు మూడు రంగుల పోగులు కలిసి ఉంటే బట్టలోనే బోలెడు గీతలుంటాయి, వెంట్రుక వాటిలో ఒకటవుతుంది. అనుమానముంటే శాంపిల్ మీద బొచ్చు పెట్టి ఫోనులో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీయండి. ఫొటోలో బొచ్చు మాయమైతే ఆ రంగు మీ కుక్కకు సరిపోయినట్టే. నల్ల కుక్కయితే ముదురు బూడిద, నలుపు పోగులు కలిసిన బట్ట చూడాలి. నలుపూ తెలుపూ కలిసిన పిల్లి ఉంటే ఉప్పూ మిరియాలూ కలిపినట్టుండే నేత.

బొచ్చు సంగతి తేలింది కదా, ఇక మన వంటిల్లు. బూడిదరంగు సోఫాలు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నాయి, దుమ్మును బాగానే దాస్తాయి కూడా. కానీ పప్పు చుక్క పడిందా, ఆ చల్లటి రంగు మీద పసుపు దీపం పెట్టినట్టు కనిపిస్తుంది. గోధుమ, ఆవపిండి, ఇటుక రంగుల మీద పసుపు, కాఫీ, సాంబారు మరకలు చాలావరకు కలిసిపోతాయి. తెలుగిళ్లలో సోఫా మీద కంచం పెట్టుకుని టీవీ చూసేవాళ్లున్నంత కాలం నా ఓటు ఈ రంగులకే.

పసుపు మరక పడగానే సబ్బు రుద్దకండి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడినట్టే, సబ్బులోని క్షారం తగిలి మరక ఎర్రగా మారుతుంది. అప్పుడు గోధుమరంగు కూడా దాన్ని దాచలేదు. ముందు పొడిగుడ్డతో అద్ది తీసేయాలి. సబ్బు తగిలి ఎర్రబడితే కంగారు పడక్కర్లేదు, నీళ్లలో కాస్త నిమ్మరసం కలిపి అద్దితే తిరిగి పసుపుపచ్చగా వస్తుంది. పసుపు రంగు ఎండకు విరిగిపోతుంది. అందుకే జిప్పు ఉన్న గలేబు అయితే ఉతికి ఎండలో ఆరేస్తే మరక రోజురోజుకీ పలచబడుతుంది. ఫ్రేముకు మేకులు కొట్టిన బట్టకు ఆ వీలుండదు. కాబట్టి కూర్చునే దిండ్లకైనా జిప్పులు పెట్టమని ముందే చెప్పాలి.

నూనె దారి వేరు. అది బట్టను తడిసినట్టు ముదురు చేస్తుంది, కనుక లేత రంగుల మీదే ఎక్కువ తెలుస్తుంది. తలానించే చోట కొబ్బరినూనె మచ్చకు మధ్యరంగు కూడా కొన్నాళ్లే కాపు కాస్తుంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండు మగవాళ్లు తలకు మకాసర్ నూనె రాసుకునేవారు. కుర్చీలు పాడవుతున్నాయని వాటి వీపు మీద వేసిన గుడ్డలకు యాంటీమకాసర్ అనే పేరే వచ్చింది. మన ఇళ్లలో సోఫా మీది టర్కీ టవల్ దానికి చుట్టమే. మేము అదే బట్టతో తల దగ్గరికీ చేతులకీ విడిగా తొడుగులు కుట్టించాం. వేసినట్టే తెలియదు.

అరుగుదల దగ్గర మాత్రం ఏ రంగు అన్నదానికంటే, ఆ రంగు పోగులో ఎంత లోతుకు దిగిందన్నదే ముఖ్యం. అచ్చువేసిన బట్టకు రంగు పైపైన ఉంటుంది. సీటు ముందంచు, చేతులు అరిగేకొద్దీ కింద తెలుపు బయటపడుతుంది. ముక్కను తిరగేసి చూడండి. వెనకవైపు పాలిపోయి ఉంటే అచ్చు అయి ఉండొచ్చు. అంచు నుంచి ఒక పోగు లాగి పురి విప్పండి. లోపలిదాకా ఒకే రంగుంటే పోగుకే అద్దకం పట్టిందన్నమాట. కొన్ని శాంపిళ్ల మీద మార్టిండేల్ అని ఒక అంకె ఉంటుంది. బట్టను ఉన్నిగుడ్డతో రుద్దుతూ పోగులు తెగేదాకా ఎన్ని రుద్దులు ఓర్చుకుందో చెప్పే లెక్క అది. పిల్లలూ కుక్కా గెంతే ఇంటికి 25,000 దాటినది తీసుకుంటే మంచిది. పిల్లి ఉన్నవాళ్లు ఉచ్చుల్లాంటి పోగులు పైకి తేలిన నేతను వదిలేయాలి. గోరు తగులుకుని పోగు బయటికొస్తే ఏ రంగూ దాచలేదు.

ఇంతా చేసి, కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు. మా ధనియాల రంగు సోఫా చూసి రెండు నెలలు వాక్యూమ్ పెట్టలేదు. ఇల్లంతా కుక్క వాసన. పైగా పోగుల మధ్య చేరిన సన్నటి ఇసుక, కూర్చున్నప్పుడల్లా ఆకురాయిలా బట్టను కోస్తూ ఉంటుంది. ఇప్పుడు ప్రతి ఆదివారం దిండ్లు ఎత్తి కింద కూడా దులుపుతున్నాం.

బట్ట ఆర్డరిచ్చేముందు ఒక్క ముక్క అడిగి ఇంటికి తెచ్చుకోండి. మీ సోఫా ఉండే చోటే పగలు ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చూడండి. బొచ్చు, పప్పు చుక్క, నూనె చుక్క, కాసిన్ని పెరుగునీళ్లు వేసి ఓ రోజు వదిలేయండి. నచ్చాక మేస్త్రీ చెప్పిన కొలత మీద ఒక మీటరు ఎక్కువే కొనండి. రేపు చేతి తొడుగు చిరిగి అదే రంగు అడిగితే, ఇంకో లాటులో అద్దిన బట్ట సరిగ్గా కలవదు.