మళ్ళీ రక్తం తీయాలన్నారా?

"ఉదయమే కదమ్మా తీశారు, మళ్ళీ ఎందుకు?" ఆసుపత్రి వార్డుల్లో తరచూ వినపడే ప్రశ్న ఇది. సిస్టర్ దగ్గర దానికి పెద్ద జవాబేమీ ఉండదు. ల్యాబ్ నుంచి ఆమెకొచ్చిన కబురు కూడా రెండు ముక్కలే: హిమోలైజ్డ్, రిపీట్. లేదా క్లాటెడ్, రిపీట్. ల్యాబ్ వాళ్ళు రక్తం ఎక్కడో పారేసుకుని ఉంటారని పేషెంటు బంధువులు అనుకుంటారు. ఏసీలో కూర్చుని వంకలు పెడుతున్నారని వార్డు వాళ్ళు అనుకుంటారు. శాంపిళ్ళు ఎందుకు తిరిగొస్తాయో చెప్పే నోటీసు నర్సుల బల్ల వెనక గోడ మీదే ఉంటుంది, డ్యూటీ చార్టు కింద సగం కనపడకుండా.

ఆ నోటీసులో ఉండే సంగతులు పేషెంట్లకూ తెలియాల్సినవే. ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళు లోలోపల భయపడేది తిప్పి పంపిన శాంపిళ్ళ గురించి కాదు. తిప్పి పంపేటప్పటికే తప్పు పట్టుబడింది కాబట్టి పోయేది ఇంకో సూదిపోటు, ఇంకో గంట. తప్పున్నా బయటికి కనపడక రిపోర్టుగా మారిపోయే శాంపిల్‌తోనే అసలు ప్రమాదం.

ముందు కనపడేవాటి సంగతి చూద్దాం. అన్నిటికన్నా ఎక్కువగా తిరిగొచ్చేది హిమోలైజ్ అయిన శాంపిల్, అంటే ఎర్రకణాలు పగిలిపోయిన రక్తం. యంత్రంలో పెట్టి గిర్రున తిప్పితే కణాలు అడుగుకు దిగి, పైన లేత పసుపు రంగులో సీరం తేలాలి. కణాలు పగిలితే ఆ సీరం గులాబీ రంగులోనో ఎర్రగానో వస్తుంది. రంగు మారితే మారనీ అనుకోవడానికి లేదు. ఎర్రకణం లోపల పొటాషియం, బయట ప్లాస్మాలో ఉన్నదానికన్నా 20 రెట్లకు పైగా ఉంటుంది. కొద్ది కణాలు పగిలినా రిపోర్టులో పొటాషియం పెరిగిపోతుంది. నిజంగానే అంత పెరిగితే గుండె లయ తప్పుతుంది కాబట్టి ఆ అంకె చూసిన డాక్టర్ ఊరుకోలేడు. లేని జబ్బుకు మందు మొదలవుతుంది.

కణాలు చాలావరకు రక్తం తీసేటప్పుడే పగులుతాయి. స్పిరిట్ ఆరకముందే సూది గుచ్చడం, మరీ సన్నని సూది వాడటం, రక్తం రావట్లేదని సిరంజిని గట్టిగా లాగడం, సెలైన్ కోసం పెట్టిన క్యాన్యులా నుంచే తీయడం, చివర్లో ట్యూబులోకి జోరుగా తోయడం అందుకు కారణాలు. మళ్ళీ తీసేటప్పుడు ఇంకో నరం చూసుకోవాలి. స్పిరిట్ ఆరనివ్వాలి. 21 లేదా 22 గేజి సూది తీసుకుని మెల్లగా లాగాలి. చేతికి కట్టిన పట్టీ నిమిషం దాటి ఉంచకూడదు. వ్యాక్యూమ్ ట్యూబయితే రక్తాన్ని అదే లాక్కుంటుంది, ప్లంజర్ నొక్కే పనే లేదు. మూత తీసి నింపే రకమైతే సూది తీసేసి, ట్యూబు గోడ వెంట జారనివ్వాలి. ఇంకొకటి. నరం పొంగాలని పేషెంటు చేత పిడికిలి పదే పదే బిగించి వదిలించడం మన దగ్గర బాగా అలవాటు. అలా చేస్తే కండల్లోంచి పొటాషియం రక్తంలోకి వస్తుంది. కణాలు పగలవు, సీరం పచ్చగానే ఉంటుంది, పొటాషియం మాత్రం ఎక్కువ చూపిస్తుంది. ల్యాబ్ కంటికి ఇది దొరకదు.

ఊదా మూత ట్యూబుది ఇంకో కథ. డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్ల లెక్క కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూసేది దీని కోసమే. రక్తం గడ్డకట్టకుండా ఇందులో ఈడీటీఏ అనే మందు ఉంటుంది, కానీ అది రక్తమంతటికీ అందాలి కదా. ట్యూబు నిండగానే 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చేస్తే అందుతుంది. ట్రేలో పడేసి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోతే అడుగున చిన్న గడ్డ మొదలవుతుంది. గడ్డలో ప్లేట్‌లెట్లు చిక్కుకుపోతాయి. యంత్రం లెక్కపెట్టేది మిగిలినవాటినే. లక్షా ఎనభై వేలు ఉన్న మనిషికి నలభై వేలని వస్తే ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరైనా నిద్రపోతారా? అందుకే గడ్డ కనపడితే ల్యాబ్ రిపోర్టు ఇవ్వదు. పుల్లతో గడ్డ తీసేసి మిగతాది పంపడం పరిష్కారం కాదు, చిక్కుకున్నవి ఆ గడ్డతోనే పోయాయి. కొత్త ట్యూబులో కొత్త రక్తమే కావాలి. అరుదుగా కొందరికి అన్నీ సరిగ్గా చేసినా, ఈడీటీఏ తగిలితే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. స్లైడు చూసి అది పసిగట్టిన ల్యాబ్ నీలం మూత ట్యూబులో పంపమంటుంది. ఆ రిపీట్‌లో వార్డు తప్పేమీ లేదు.

నీలం మూత దాంట్లో కొలతే ప్రాణం. రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పీటీ, ఐఎన్‌ఆర్ పరీక్షలకు 9 పాళ్ళ రక్తానికి ఒక పాలు సిట్రేట్ మందు ఉండాలి. మామూలు ట్యూబులో 0.3 మిల్లీలీటర్ల మందుంటుంది, 2.7 మిల్లీలీటర్ల రక్తం పట్టాలి. గీత దాకా రక్తం రాకపోతే మందు పాలు ఎక్కువై, గడ్డకట్టే సమయం ఉన్నదానికన్నా పొడవుగా కనపడుతుంది. సగం సగం నిండిన రెండు ట్యూబులను ఒకదాంట్లో పోస్తే చూడటానికి నిండుగానే ఉంటుంది, మందు రెట్టింపై ఉంటుంది.

ఇలా ఒక ట్యూబులోంచి ఇంకో ట్యూబులోకి పోయడం దగ్గర కాస్త ఆగాలి. కంటికి ఆనవాలు మిగలని తప్పుల్లో దీనికి నా లెక్కలో మొదటి స్థానం. ఉదాహరణకు యాభై ఎనిమిదేళ్ళ బీపీ పేషెంటు అనుకోండి. ఆవిడ శాంపిల్‌లో పొటాషియం 8.4 వచ్చింది. మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. సీరం చక్కగా పచ్చగా ఉంది, కణాలు పగల్లేదు. ల్యాబ్‌లో అనుభవం ఉన్నవాళ్ళు వెంటనే పక్క అంకె చూస్తారు. క్యాల్షియం 4.6. ఉండాల్సింది 8.5కు పైన. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ దాదాపు లేనట్టే. ఈ అంకెలు నిజమైతే మనిషికి చేతులు కొంకర్లు పోవాలి, ఈసీజీ మారిపోవాలి. వార్డుకు ఫోన్ చేస్తే ఆవిడ మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటోందన్నారు.

"సిస్టర్, ఊదా ట్యూబులోంచి పచ్చ మూత ట్యూబులోకి ఏమైనా పోశారా?"

"కొంచెమే సార్. పచ్చదాంట్లో తక్కువైంది, ఊదాలో ఎక్కువుంది. పెద్దావిడ, మళ్ళీ గుచ్చడం ఎందుకని..."

జాలితో చేసిన పనే. కానీ ఊదా ట్యూబులో మందు మామూలుగా ఈడీటీఏకి పొటాషియం కలిపిన లవణం. రక్తంలోని క్యాల్షియాన్ని పట్టి బంధించడం ద్వారానే అది గడ్డకట్టనివ్వదు. దానివల్ల పొటాషియం పైకి, క్యాల్షియం కిందికి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పనిచేయడానికి జింకు, మెగ్నీషియం కావాలి, వాటినీ ఈడీటీఏ లాగేసుకుంటుంది. కొత్తగా తీసి చూస్తే పొటాషియం 4.3, క్యాల్షియం 9.2.

కథ ఇక్కడ సుఖాంతమైంది కలిసింది ఎక్కువ కాబట్టి, అంకెలు నమ్మలేనట్టు వచ్చాయి కాబట్టి. అదే ఒక్క చుక్క కలిస్తే? పొటాషియం 5.8, క్యాల్షియం 8.3 అని రావచ్చు. ఎవరికీ అనుమానం రాదు. ఇంకా చెడ్డది, నిజంగా పొటాషియం 2.9కి పడిపోయి వెంటనే వైద్యం కావాల్సిన మనిషికి రిపోర్టులో 3.8 అని రావడం. ఆ రిపోర్టును తిప్పి పంపే ల్యాబ్ ఎక్కడా ఉండదు.

అందుకే నోటీసులో ట్యూబులు నింపే వరస రాసి ఉంటుంది. బ్లడ్ కల్చర్ ఉంటే ముందు అది, తర్వాత నీలం, ఆ తర్వాత ఎరుపు లేదా పచ్చ, వాటి తర్వాతే ఊదా, చివర బూడిద రంగు. ఏ ట్యూబు మందూ తర్వాతిదానికి హాని చేయకుండా కూర్చిన వరస ఇది. రక్తం చాలకపోతే పోయడం వద్దు. ఏ పరీక్ష ముఖ్యమో డాక్టర్‌ని అడిగి ముందు అది పంపడం మేలు.

సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి రక్తం తీయడం కూడా ఈ కోవలోదే. 5 శాతం డెక్స్‌ట్రోజ్ సీసాలో ప్రతి డెసిలీటరుకు 5,000 మిల్లీగ్రాముల చక్కెర ఉంటుంది. శాంపిల్‌లో అది పదో వంతు కలిసినా, 100 ఉన్న షుగరు 590 అయిపోతుంది. దాన్ని నమ్మి ఇన్సులిన్ ఇస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. రెండో చేతి నుంచి తీయాలి. రెండు చేతులకూ సెలైన్ ఉంటే డాక్టర్‌ని అడిగి కనీసం రెండు నిమిషాలు ఆపి, సూది ఉన్నచోటుకు కింద పట్టీ కట్టి, ఆ కింద నుంచి తీసి, సంగతి ఫారం మీద రాయాలి. పేషెంటు బంధువులు కూడా "ఈ చేతికి సెలైన్ ఎక్కుతోందమ్మా" అని గుర్తుచేయొచ్చు. అందులో తప్పు లేదు.

పేరు విషయానికొస్తే, మన వార్డుల్లో లక్ష్ములకు కొదవ లేదు. "లక్ష్మిగారేనా?" అని అడిగితే జ్వరంతో మగతలో ఉన్న పక్క మంచం ఆవిడ కూడా "ఆఁ" అంటుంది. "మీ పేరేంటమ్మా?" అని అడిగి ఆవిడ నోటితోనే చెప్పించి, ఐపీ నంబరుతో సరిచూసుకోవాలి. లేబుల్ రక్తం తీశాక, మంచం పక్కనే అంటించాలి. ముందే లేబుళ్ళు అంటించిన ఖాళీ ట్యూబులు ట్రేలో పెట్టుకుని తిరిగితే, ఒకరి రక్తం ఇంకొకరి పేరు మీద పోవడానికి ఒక్క క్షణం చాలు. రక్తం ఎక్కించడానికి గ్రూపు, క్రాస్‌మ్యాచ్ కోసం పంపిన ట్యూబు మీద పేరో నంబరో తేడా ఉంటే బ్లడ్ బ్యాంకు దిద్దుబాటు ఒప్పుకోదు. సిస్టర్ స్వయంగా వచ్చి "నేనే తీశాను" అన్నా కొత్త శాంపిలే అడుగుతుంది. మొండితనంలా అనిపిస్తుంది గానీ, వేరే గ్రూపు రక్తం ఎక్కితే మనిషి దక్కకపోవచ్చు.

రిపీట్ కబురు వచ్చినప్పుడు వార్డు ముందు అడగాల్సింది కారణం. గడ్డకట్టిందంటే ట్యూబు తిప్పడంలో లోపం, హిమోలైజ్ అయిందంటే సూది దగ్గర లోపం. అది తెలుసుకోకుండా అదే నరంలో, అదే సూదితో తీస్తే రెండోదీ తిరిగొస్తుంది. కొత్త ట్యూబు మీద కొత్త టైము రాయాలి. మందు వేసుకున్న ఇన్ని గంటలకు అని చూసే పరీక్షలో పాత టైము ఉంటే ఫలితానికి అర్థమే మారిపోతుంది. చంటిపిల్లలైతే సిరంజి పట్టుకునే ముందే ల్యాబ్‌కి ఫోన్ చేసి, కనీసం ఎంత రక్తం చాలుతుందో, చిన్న ట్యూబులో పంపొచ్చో అడగాలి. కిలో బరువున్న పసికందు ఒంట్లో మొత్తం రక్తమే ఇంచుమించు 80, 90 మిల్లీలీటర్లు.