కిక్ అంటే సినిమా కాదు: రిగ్ మీద సేఫ్టీ పాఠాన్ని తెలుగులో ఎలా చెప్పాలి?

ఈ ఎపిసోడ్ మా బావ వల్ల వచ్చింది. తను ఒక డ్రిల్లింగ్ కాంట్రాక్టర్ దగ్గర సేఫ్టీ ఆఫీసర్, రాజోలు వైపు ఒక గ్యాస్ బావి రిగ్ మీద పని. "ఏరా, కొత్తగా చేరే కుర్రాళ్లకి మొదటి రోజు ఇండక్షన్ ఇస్తాం. స్లైడ్స్ తెలుగులోనే ఉన్నాయి, కానీ ఎవ్వడికీ ఎక్కట్లేదు. నువ్వొకసారి చూడు" అని ఫైల్ పంపాడు.

ఓపెన్ చేశాను. మడ్ అంటే బురద అట. కేసింగ్ అంటే తొడుగు. కిక్ అంటే తన్ను. బ్లోఅవుట్ ప్రివెంటర్ అంటే పేలుడు నిరోధక యంత్రం. డిక్షనరీ పక్కన పెట్టుకుని చూస్తే ఒక్కటీ తప్పు కాదు. కానీ ఈ మాటలు విని రిగ్ ఎక్కినవాడు ఏం చేస్తాడో ఆలోచిస్తే ఒక్కొక్కటీ ప్రమాదమే. ఎందుకో చెప్తా.

మడ్ బురద కాదు, బరువు

మనకి బురద అంటే ఏంటి? కాలికి అంటుకునేది, కడిగేసుకునేది. రిగ్ మీద మడ్ అలాంటిది కాదు. నీళ్లలో బెంటొనైట్ మట్టి, కొన్ని కెమికల్స్, బెరైట్ పొడి కొలత ప్రకారం కలిపి తయారుచేసిన ద్రవం. బెరైట్ అంటే ఎవరికీ తెలియదు గానీ, ముగ్గురాయి అంటే కడప వైపు అందరికీ తెలుసు. రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటి ఉంది. నీటి కంటే నాలుగు రెట్లకు పైగా బరువు ఆ రాయి. దాన్ని పొడి చేసి మడ్‌లో ఎందుకు వేస్తారంటే, బరువు కోసమే.

ఆ మడ్‌ని పంపుతో పైపు లోపలి నుంచి కిందికి తోస్తారు. అది అడుగున బిట్ దగ్గర బయటికొచ్చి, పైపుకీ బావి గోడకీ మధ్య ఉన్న ఖాళీలోంచి పైకి వస్తుంది. వస్తూ వస్తూ రాతి ముక్కల్ని కూడా తెస్తుంది. పాత స్లైడ్‌లో ఇంతవరకే ఉంది. అసలు పని రాయలేదు. కింద రాతి పొరల్లో గ్యాస్ ఒత్తిడితో కూర్చుని ఉంటుంది. దాని నెత్తి మీద బరువు పెట్టి పైకి రాకుండా ఆపేది ఈ మడ్డే.

లెక్క చాలా సింపుల్. లోతు మీటర్లలో తీసుకుని, మడ్ నీటి కంటే ఎన్ని రెట్లు బరువో దాంతో గుణించి, పదితో భాగించండి. ప్రతి చదరపు సెంటీమీటరు మీద ఎన్ని కేజీల ఒత్తిడో సుమారుగా వస్తుంది. అర్థం కావడానికి ఒక ఊహా బావి తీసుకుందాం. లోతు 3000 మీటర్లు, మడ్ నీటికి 1.2 రెట్లు, కింద గ్యాస్ ఒత్తిడి 345.

```
3000 × 1.2  ÷ 10 = 360
3000 × 1.14 ÷ 10 = 342
2850 × 1.2  ÷ 10 = 342
```

మొదటి లైన్‌లో మనది 360, గ్యాస్‌ది 345. మనమే గెలుస్తున్నాం. రెండో లైన్ చూడండి. నీళ్ల వాల్వు సరిగ్గా మూయకపోవడం వల్ల ట్యాంకులో నీళ్లు కలిసి, పలచబడిన ఆ మడ్ బావంతా నిండితే 342. ఓడిపోయాం. మూడో లైన్‌లో మడ్ బరువు మారలేదు, బావిలో దాని మట్టం 150 మీటర్లు కిందికి దిగింది, అంతే. మళ్లీ 342.

"బురదేగా" అనుకున్న కుర్రాడు ట్యాంకు దగ్గర నీళ్ల పైపు వదిలేసి టీకి వెళ్లిపోగలడు. అందుకే కొత్త స్లైడ్‌లో మడ్ అనే పేరు అలాగే ఉంచాం. కింద ఒకే వాక్యం: "మడ్ అంటే బావి మీద మనం పెట్టిన బరువు. డ్రిల్లర్‌కీ మడ్ ఇంజినీర్‌కీ చెప్పకుండా అందులో చుక్క నీళ్లు కూడా కలపకూడదు."

బావి పొంగితే పండగ కాదు

ఇప్పుడు కిక్. మన ఏజ్ వాళ్లకి కిక్ అంటే రవితేజ సినిమా, లేదా మందు కొడితే వచ్చేది. తన్ను అని రాస్తే ఇంకా దారుణం, పైపు వచ్చి తంతుందేమో అనుకుంటారు. నిజానికి కిక్ అంటే పైన చెప్పిన 342 పరిస్థితిలో కింద నుంచి గ్యాసో, నూనో, ఉప్పునీరో బావిలోకి జొరబడటం. దాన్ని ఆపలేక అది అదుపు తప్పి బయటికి తన్నుకొస్తే బ్లోఅవుట్.

బ్లోఅవుట్ అన్న మాటకి కోనసీమలో అనువాదం అక్కర్లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. అప్పటి నుంచి అక్కడ అది తెలుగు మాటే. దాన్ని పేలుడు అంటే మాత్రం తప్పు. పేలుడు ఒక్క క్షణంలో అయిపోతుంది. బ్లోఅవుట్ ఆగకుండా వస్తూనే ఉంటుంది, నిప్పు అంటుకోకపోయినా అది బ్లోఅవుటే.

తెలియనిది దాని ముందు వచ్చే కిక్. ఇక్కడ మన భాషలోనే ఒక చిక్కుంది. పొలంలో బోరు వేసినప్పుడు నీళ్లు వాటంతట అవే పైకి వస్తే ఏమంటాం? "బోరు పొంగింది" అని కొబ్బరికాయ కొడతాం, వీడియో తీసి స్టేటస్ పెడతాం. బోరు బండి మీద పనిచేసి వచ్చిన కుర్రాడికి రిగ్ మీద కూడా అదే శుభవార్తలా కనిపిస్తుంది. కాబట్టి అదే మాట తీసుకుని తిరగేశాం: "ఇక్కడ బావి తనంతట తాను పొంగితే అది కిక్. సంతోషించకు, డ్రిల్లర్‌కి వినపడేలా అరువు."

హెల్పర్ కంటికి కనపడే గుర్తులు మూడే పెట్టాం. పంపు ఆపినా బావిలోంచి మడ్ వస్తూ ఉండటం. మనం ఏమీ కలపకుండానే ట్యాంకులో మట్టం పెరగడం. పైపు పైకి తీస్తున్నప్పుడు బావి తాగాల్సినంత మడ్ తాగకపోవడం.

మూడోది కొంచెం విప్పి చెప్పాలి. గ్లాసు నీళ్లలోంచి స్పూన్ తీస్తే నీటి మట్టం దిగుతుంది కదా. బావిలోంచి పైపు తీసినా అంతే. మామూలు 5 అంగుళాల డ్రిల్ పైపులో ఉండే ఇనుము మీటరుకి దాదాపు 4 లీటర్ల చోటు తీసుకుంటుంది. 28 మీటర్ల స్టాండ్లు ఐదు బయటికి తీస్తే సుమారు 550 లీటర్లు ఖాళీ అవుతుంది. ట్రిప్ ట్యాంకు నుంచి అంత మడ్ మళ్లీ నింపాలి. కానీ 300 లీటర్లకే బావి నిండిపోయిందనుకోండి. మడ్ ఆదా అయిందని కాదు. మిగతా 250 లీటర్ల చోటులోకి కింద నుంచి ఇంకేదో వచ్చి కూర్చుంది. ఈ ఒక్క లెక్క రాసేవాడికి అర్థమైతే చాలు, కిక్ చిన్నగా ఉన్నప్పుడే దొరికిపోతుంది.

ఒక జాగ్రత్త. పంపు ఆపిన వెంటనే లైన్లలో మిగిలింది కాసేపు వస్తుంది, తగ్గుతూ ఆగిపోతుంది. అది మామూలే. ఆగకుండా వచ్చినా, పెరిగినా కిక్ కావచ్చు. ఏదో తేల్చాల్సింది డ్రిల్లర్, హెల్పర్ కాదు. హెల్పర్ పని చెప్పడం.

గట్టూ, లాకులూ

కేసింగ్ అన్న మాట బోరు వల్ల అందరికీ తెలుసు, తొడుగు అనక్కర్లేదు. కానీ బోరు కేసింగ్ పని పైమట్టి కూలకుండా చూడటం. గ్యాస్ బావిలో కేసింగ్ దశలు దశలుగా దిగుతుంది, ఒకదాని లోపల ఇంకొకటి సన్నగా. ప్రతి దశలో పైపు వెనక సిమెంట్ పోస్తారు. లోపలి ఒత్తిడి పక్క పొరల్లోకి, ఊళ్లో మంచినీటి పొరలోకి పోకుండా ఆపేది ఆ గోడే.

దీన్ని, బీఓపీని కలిపి చెప్పడానికి గోదావరి జిల్లాల కుర్రాళ్లకి కాలవ కంటే మంచి ఉదాహరణ లేదు. కేసింగూ సిమెంటూ ఏటిగట్టు. బీఓపీ లాకుల షట్టర్. షట్టర్ ఉన్నంత మాత్రాన నీళ్లు ఆగవు, ఎవరో ఒకరు దించాలి. దించాక గట్టు బలహీనంగా ఉంటే వేరే చోట గండి పడుతుంది. బావి కూడా అంతే. పైన మూసేశాక ఒత్తిడి పెరుగుతుంది. చివరి కేసింగ్ అడుగున, షూ అనే చోట రాయి తట్టుకోలేకపోతే గ్యాస్ భూమి లోపలే దారి వెతుక్కుంటుంది. అందుకే మూసినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు.

"నిరోధక యంత్రం" అనే పేరుతో అసలు ప్రాబ్లం ఇదే. అది ఉంది కాబట్టి ప్రమాదం రాదు అనిపిస్తుంది. 2010 ఏప్రిల్ 20న మెక్సికో గల్ఫ్‌లో డీప్‌వాటర్ హొరైజన్ మీద 11 మంది చనిపోయారు. ఆ బావికి బీఓపీ ఉంది. కానీ లోపల పైపు వంగి పక్కకి జరిగిపోవడంతో కోసే రామ్ పూర్తిగా మూసుకోలేకపోయింది. మొదటి రక్షణ మడ్ బరువు. అది ఓడిపోయాక మిగిలేది బీఓపీ.

లోపలి భాగాల పేర్లు కూడా మార్చలేదు, అవి చేసే పని రాశాం. యాన్యులర్: పెద్ద రబ్బరు ఉంగరం, లోపల ఏ సైజు పైపున్నా చుట్టూ బిగుస్తుంది. పైపు రామ్: పైపు చుట్టూ మూసేది. బ్లైండ్ రామ్: పైపు లేని ఖాళీ బావిని మూసేది. షియర్ రామ్: పైపుని కోసేది. కోసి మూసేసే రకం కూడా ఉంది.

పేరు మార్చొద్దు, కామెంట్ రాయండి

పేర్లు ఎందుకు ఉంచాం? రిగ్ మీద డ్రిల్లర్ అస్సాం వాడు కావచ్చు, టూల్‌పుషర్ పంజాబ్ నుంచి కావచ్చు. అలారం మోగుతుంటే వాళ్లు "కిక్" అనే అరుస్తారు, ప్యానెల్ మీద అదే రాసి ఉంటుంది. మన కుర్రాడికి తెలుగు పేరు మాత్రమే తెలిస్తే ఆ క్షణంలో అతనికి ఏమీ తెలియనట్టే. కోడింగ్ చేసేవాళ్లకి ఈజీగా చెప్పాలంటే, అందరూ వాడే ఫంక్షన్ పేరు మార్చం, పైన కామెంట్ మన భాషలో రాసుకుంటాం.

పూర్తి తెలుగులో ఉండాల్సింది చేయాల్సిన పని. డ్రిల్లర్ పైపు తిప్పడం ఆపి, బిట్‌ని అడుగు నుంచి పైకి లేపుతాడు. పంపు ఆపి, బావి పొంగుతోందా చూస్తాడు. పొంగుతుంటే మూసి, ఒత్తిళ్లు చదువుతాడు. పైకి లేపడం ఎందుకంటే, పైపుల జాయింట్ లావుగా ఉంటుంది, సరిగ్గా రామ్ ఎదురుగా పడితే మూయడం కుదరదు. హెల్పర్‌కి మాత్రం నాలుగే ముక్కలు: అరువు, వేడి పని ఆపు, ఏ వాల్వూ ముట్టుకోకు, నీకు చెప్పిన చోటికి వెళ్లు.

చివర్లో "అర్థమైందా?" అన్న ప్రశ్న తీసేయించాను. దానికి అందరూ తలూపుతారు. దాని బదులు బావ ఇప్పుడు ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు: "పంపు ఆపి ఐదు నిమిషాలైంది. మడ్ ఇంకా వస్తోంది. ఏమైంది, నువ్వేం చేస్తావ్?" సమాధానం సొంత మాటల్లో చెప్పాలి. మొదటి బ్యాచ్‌లో ఒక కుర్రాడు "బావి పొంగుతోంది సార్, కిక్కు. డ్రిల్లర్‌కి కేకేస్తా, నేను దేన్నీ ముట్టుకోను" అన్నాడట. "కిక్కు" అని ఉకారం పెట్టి మరీ తెలుగు చేసేశాడు. స్లైడ్‌లో కూడా అలాగే మార్చేశాం.

మీ ఇంట్లో ఎవరైనా రిగ్ మీద పనిచేస్తుంటే, వాళ్లు వాడే మాటలు కామెంట్స్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.