తప్పుల్నీ కంఠస్థం చేసి, సరిగ్గానే జవాబు చెప్పే నెట్‌వర్క్‌లు

2019లో హార్వర్డ్, ఓపెన్‌ఏఐ పరిశోధకులు కావాలనే డేటాను పాడుచేసి ఒక ప్రయోగం చేశారు. సీఫార్-10 అనే సేకరణలో శిక్షణ కోసం 50,000 చిన్న ఫొటోలుంటాయి. పిల్లి, ఓడ, లారీ వంటి పది రకాల్లో ఒక్కో ఫొటో ఏ రకమో లేబుల్ ఉంటుంది. వాళ్లు సుమారు 15 శాతం లేబుళ్లను తప్పుగా మార్చేశారు. ఆ తర్వాత రెస్‌నెట్-18 అనే నెట్‌వర్క్‌ను సన్నని రూపం నుంచి బాగా వెడల్పు రూపం దాకా రకరకాల సైజుల్లో తయారుచేసి, ఒక్కోదానికీ అదే డేటాతో చాలాసేపు శిక్షణ ఇచ్చారు.

మొదట్లో అంతా పాఠ్యపుస్తకాలు చెప్పినట్టే నడిచింది. సైజు పెరిగేకొద్దీ, కొత్త ఫొటోల మీద చేసే తప్పులు ముందు తగ్గి, తర్వాత పెరిగాయి. దీన్నే ఓవర్‌ఫిట్టింగ్ అంటారు: మోడల్ అసలు విషయంతో పాటు తప్పుల్ని కూడా బట్టీ పడుతోందన్నమాట. పాత లెక్క ప్రకారం అక్కడితో ఆగిపోవాలి. కానీ సైజు ఇంకా పెంచితే తప్పులు మళ్లీ తగ్గడం మొదలైంది. ఆ పెద్ద నెట్‌వర్క్‌లు తప్పు లేబుళ్లను కూడా దాదాపు పూర్తిగా గుర్తుపెట్టుకున్నవే! ఇలా రేఖ రెండుసార్లు కిందికి దిగడానికి మిఖాయిల్ బెల్కిన్ బృందం అదే ఏడాది వెలువడిన ఒక పత్రంలో డబుల్ డిసెంట్ అని పేరు పెట్టింది.

మధ్యలో ఆ కొండ ఎందుకు లేచింది? ఆ తర్వాత ఎందుకు దిగింది? రెండిళ్ల ధరలతో లెక్క వేస్తే తెలుస్తుంది.

ఒక ఊళ్లో చదరపు అడుగు అసలు ధర 5,000 రూపాయలు అనుకుందాం. మన దగ్గరున్న డేటా రెండిళ్లదే. 1,000 అడుగుల ఇల్లు 50 లక్షలకు అమ్ముడైంది. 1,010 అడుగుల ఇల్లు యాభైన్నర లక్షలకు పోవాల్సింది, ఏదో కారణంతో 52 లక్షలు పలికింది. ఆ అదనపు లక్షన్నరే ఇక్కడ నాయిస్.

మోడల్‌లో అడుగు ధర అనే ఒక్క అంకే ఉంటే, రెండిళ్లకూ వీలైనంత దగ్గరగా వచ్చే జవాబు సుమారు 5,075 రూపాయలు. దాని ప్రకారం 1,500 అడుగుల కొత్త ఇంటికి 76 లక్షలు వస్తుంది. అసలు విలువ 75 లక్షలు కాబట్టి ఇది మంచి అంచనానే.

ఇప్పుడు స్థిరమైన మొత్తం అనే రెండో అంకె కలుపుదాం. రెండు అంకెలు, రెండు ఇళ్లు. రెండు ధరలకూ కచ్చితంగా సరిపోయే జవాబు ఒకే ఒక్కటి ఉంటుంది. పది అడుగుల తేడాకు రెండు లక్షలు కాబట్టి అడుగు 20,000 రూపాయలని తేలుతుంది, స్థిర మొత్తం మైనస్ కోటిన్నరకు పోతుంది. కొత్త ఇంటి ధర కోటిన్నర అని చెబుతుంది! లక్షన్నర నాయిస్ 75 లక్షల తప్పుగా మారింది. కొండ శిఖరం ఇదే. డేటాను పూర్తిగా అందుకోవడానికి అంకెలు సరిగ్గా సరిపడా ఉన్నచోట, నాయిస్‌ను మింగడానికి మోడల్‌కు వేరే దారి ఉండదు.

స్థిర మొత్తం తీసేసి, విస్తీర్ణంతో పాటు మరో వంద చిన్న వివరాలు ఇద్దాం. తూర్పు ముఖమా, మూల స్థలమా, బోరు ఉందా అన్నట్టు ప్రతిదానికీ +1 లేదా -1. అందులో యాభై వివరాల్లో ఈ రెండిళ్లకూ తేడా ఉందనుకుందాం. ఇప్పుడు రెండు ధరలకూ అతికే జవాబులు లెక్కలేనన్ని. గ్రేడియంట్ డిసెంట్ సున్నా నుంచి మొదలైతే, ఇలాంటి సరళ మోడళ్లలో అంకెల వర్గాల మొత్తం అతి తక్కువగా ఉన్న జవాబు దగ్గరే ఆగుతుందని గణితం రుజువు చేస్తుంది. ఆ జవాబులో అడుగు ధర మళ్లీ 5,075 దగ్గరే ఉంటుంది. మిగిలిన తేడా ఆ యాభై వివరాల మీద ఒక్కోదానికి సుమారు 1,500 రూపాయల చొప్పున చెల్లాచెదురవుతుంది. కొత్త ఇంటికొచ్చేసరికి అవి కొన్ని ప్లస్, కొన్ని మైనస్ అయి చాలావరకు కొట్టుకుపోతాయి. సాధారణంగా మిగిలేది పది పదకొండు వేలు, అంచనా 76 లక్షల చుట్టూనే నిలుస్తుంది. రెండు పాత ధరలూ మాత్రం పైసా తేడా లేకుండా సరిపోతాయి.

అసలు సంగతి పెద్ద సైజు ఒక్కటే కాదు. నాయిస్‌ను దాచుకోవడానికి బలహీనమైన దారులు చాలా ఉండాలి, సంకేతం మాత్రం బలమైన దారిలోనే ఉండాలి. సంకేతమే లేకపోతే సైజు ఏమీ చేయలేదు. 2016లో చియువాన్ జాంగ్ బృందం సీఫార్-10 లేబుళ్లన్నిటినీ యాదృచ్ఛికంగా మార్చినా నెట్‌వర్క్ వాటిని పూర్తిగా గుర్తుపెట్టుకుంది. కొత్త ఫొటోల మీద మాత్రం గుడ్డిగా ఊహించినట్టే, పదింట ఒకటి చెప్పగలిగింది. పైగా సరళ మోడళ్లలో ఇంత స్పష్టంగా తేలిన లెక్క, లోతైన నెట్‌వర్క్‌లకు ఇంకా పూర్తిగా రుజువు కాలేదు.

శిక్షణ డేటాలో తప్పులు మొదటిసారి సున్నాకు చేరే సైజు ఎక్కడుందో చూస్తే కొండ జాడ దొరుకుతుంది. లేబుళ్లు శుభ్రంగా ఉంటే అది చిన్నగానే ఉంటుంది, కొన్నిసార్లు కనిపించదు కూడా. శిక్షణను ముందే ఆపినా, అంకెలు పెరగకుండా తగినంత కళ్లెం వేసినా అది కుంగిపోతుంది. ఇవేవీ చేయకుండా, కొండకు కాస్త కుడివైపున ఉన్న మోడల్‌కు మరింత డేటా ఇస్తే ఒక్కోసారి ఫలితం చెడుతుంది. డేటా పెరగడంతో దాన్ని పూర్తిగా అందుకోవడానికి కావలసిన సైజూ పెరుగుతుంది, కొండ కుడికి జరిగి సరిగ్గా ఆ మోడల్ ఉన్నచోటికే వస్తుంది.