భుజం దాచుకున్న బలం

2021 జనవరి, సిడ్నీ టెస్టు. 131 పరుగుల మీదున్న స్టీవ్ స్మిత్ స్ట్రైక్ తన దగ్గరే ఉంచుకోవాలని రెండో పరుగుకు బయల్దేరాడు. లెగ్ సైడ్ లోతు నుంచి పరుగెత్తుకొచ్చిన రవీంద్ర జడేజా బంతి అందుకుంటూనే విసిరాడు. అక్కడి నుంచి అతనికి గురి పెట్టడానికి ఉన్నది దాదాపు ఒక్క స్టంపే. బంతి నేరుగా వెళ్లి వికెట్లను పడగొట్టింది.

గురి సంగతి అలా ఉంచి, ఆ వేగం చేతికి ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. క్రికెట్ బంతి బరువు సుమారు 160 గ్రాములు. దాన్ని గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వదలాలంటే 90 జౌళ్ల దాకా శక్తి కావాలి. ఆ శక్తిలో ఎక్కువ భాగం బంతికి అందేది సెకనులో ఇరవయ్యో వంతులోనే. అంత తక్కువ వ్యవధిలో కండరం ఒంటరిగా అంత పని చేయలేదు. కండరం ఎంత వేగంగా కుంచించుకుపోతే దాని బలం అంత తగ్గుతుంది మరి.

అందుకే శరీరం ఆ పనిని ముందే మొదలుపెడుతుంది. ముందరి పాదం నేలను తాకుతుంది, నడుము తిరుగుతుంది, ఛాతీ ముందుకొస్తుంది. బంతి పట్టుకున్న చెయ్యి మాత్రం బరువు వల్ల వెనకబడుతుంది. ఆ క్షణంలో భుజం వెనక్కి మెలి తిరిగి, ముందువైపు కండరాలూ, వాటిని ఎముకకు కట్టిపెట్టే టెండన్లూ, కీలు చుట్టూ ఉన్న కణజాలమూ ఉండేలు రబ్బరులా సాగుతాయి. సాగినవి వెనక్కి లాక్కునేటప్పుడు చెయ్యి మెరుపులా తిరుగుతుంది. బేస్‌బాల్ విసిరే ఆటగాళ్లను పరిశీలించి నీల్ రోచ్ బృందం 2013లో నేచర్ పత్రికలో ప్రచురించిన అంచనా ప్రకారం, భుజం ఇలా తిరగడానికి కావలసిన పనిలో సగానికి సగం ఈ సాగుడు శక్తి నుంచే వస్తుంది. భుజం పూర్తిగా వెనక్కి తిరగకుండా పట్టీలు కట్టినప్పుడు విసురు వేగం పడిపోయింది.

ఇక్కడే కండరం బిగుతు ముఖ్యమవుతుంది. ఆట మర్నాడు ఒళ్లు పట్టేసే బిగుతు కాదిది, లాగినప్పుడు కండరం ఎంత ఎదురు నిలుస్తుందన్నది. టెండన్ సాగేటప్పుడు కండరం బిగిసి నిలబడాలి. అది వదులుగా ఉంటే తానే సాగిపోతుంది, టెండన్‌లో శక్తి నిలవదు. మరీ బిగుసుకుపోతే భుజం వెనక్కే వెళ్లదు, దాచుకోవడానికి ఏమీ మిగలదు. వేగంగా విసిరేవాళ్లకు ఈ రెంటి మధ్య సరిపోయే పాళ్లు కుదురుతాయి. ఆటకు ముందు కండరాన్ని నిమిషానికి పైగా సాగదీసి పట్టుకుంటే కొంతసేపు బలం తగ్గుతుంది కాబట్టి, చిన్న విసుర్లతో మొదలుపెట్టి దూరం పెంచుకుంటూ పోవడం నయం.

దాచిన శక్తి ఎక్కువసేపు ఆగదు. నిలబడిన చోటే చెయ్యి వెనక్కి తీసుకెళ్లి రెండు మూడు సెకన్లు ఆపి విసరండి, తర్వాత ఆపకుండా విసరండి. రెండో బంతి సాధారణంగా దూరం పోతుంది. బౌండరీ దగ్గర బంతి తీసుకుని, చెయ్యెత్తి, ఒక్క క్షణం ఆగి విసిరే ఫీల్డర్ బంతి గాల్లో పైకి లేచి కీపర్‌కు ముందే పడిపోవడానికి ఒక కారణం ఇదే.