మ్యాప్‌లో 2.33 ఎకరాలు, కాగితంలో 2-20: మరి పొలం ఎంత ఉన్నట్టు?

పైన ఉన్న వీడియోలో లాప్‌టాప్ మీద పొలం గట్లు గీసి విస్తీర్ణం చూడడం మొత్తం చూపించాను. వీడియోలో వేగంగా వెళ్ళిపోయిన లెక్కలను ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదివితే మీ పొలానికి కూడా వేసుకోవచ్చు.

వీడియో తీసింది హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, మా బావ దుకాణంలో. బావ ప్రకృతి వ్యవసాయం చేద్దామని ఒక పొలం బేరం చేసుకున్నాడు. పాసుపుస్తకంలో 2-20 ఉంది. గుంటకు లక్ష చొప్పున మాట అయింది. అంటే కోటి రూపాయలు. అడ్వాన్సు ఇచ్చే ముందు ఒకసారి మ్యాప్‌లో కొలిచి చూద్దామని కూర్చున్నాం.

కొలిచిన పద్ధతి ఇది. గూగుల్ ఎర్త్ ప్రోలో పొలం దగ్గరికి వెళ్ళి, బొమ్మ వాలుగా లేకుండా నిట్టనిలువు పైనుంచి కనిపించేలా పెట్టాం. Ruler తెరిచి Polygon ఎంచుకున్నాం. గట్టు మధ్య గీతను పట్టుకుని ఒక్కో మూలలో ఒక్కో చుక్క పెట్టుకుంటూ వచ్చాం. చెట్టు కొమ్మలు గట్టును కప్పేసిన చోట, అటూ ఇటూ కనిపించే గట్టును చూసి నేరుగా కలిపాం. కింద Perimeter దగ్గర చుట్టుకొలత, Area దగ్గర విస్తీర్ణం వచ్చాయి. చుట్టుకొలత సుమారు 405 మీటర్లు. విస్తీర్ణం 2.33 ఎకరాలు.

బావ ముఖం వెలిగిపోయింది. "చూసినవా బావా, కాగితంల రెండెకరాల ఇరవై గుంటలే ఉంది. ఇక్కడ రెండెకరాల ముప్పై మూడు వస్తుంది. పదమూడు గుంటలు లాభమే!"

సరిగ్గా ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. తెలంగాణ కాగితంలో 2-20 అంటే 2 ఎకరాల 20 గుంటలు. మ్యాప్ చూపే 2.33లో చుక్క తర్వాత ఉన్నవి గుంటలు కావు, ఎకరంలో నూరో వంతులు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి 0.33ను 40తో గుణించాలి. 13 గుంటలు వస్తాయి. అంటే మ్యాప్ చెబుతున్నది 2 ఎకరాల 13 గుంటలు. కాగితం కన్నా 7 గుంటలు తక్కువ! లాభం అనుకున్నది ఏడు లక్షల తేడాగా తేలింది. ఆంధ్రప్రదేశ్ మిత్రులకు ఈ బాధ లేదు. అక్కడ కాగితంలోనే ఎకరాలు, సెంట్లు ఉంటాయి, ఎకరానికి వంద సెంట్లు కాబట్టి రెండూ నేరుగా కలుస్తాయి.

ఇప్పుడు ఈ 7 గుంటలు నిజంగా తక్కువా, లేక మనం చుక్కలు పెట్టడంలో వచ్చిన తేడానా? దీనికో తేలిక లెక్క ఉంది. పొరపాటు ఎప్పుడూ అంచులోనే ఉంటుంది, పొలం మధ్యలో ఉండదు. గట్టు మధ్య గీతను అర మీటరు అటో ఇటో గీసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. చుట్టూ అలాగే జరిగితే తేడా ఎంతో తెలియాలంటే చుట్టుకొలతను అర మీటరుతో గుణించాలి. 405లో సగం 202 చదరపు మీటర్లు. గుంట అంటే 121 గజాలు, సుమారు 101 చదరపు మీటర్లు. కాబట్టి మన చేతి తేడా 2 గుంటల దాకా ఉండొచ్చు. ఏడు మాత్రం దానికి మించింది. మిగతా ఐదు గుంటలు ఎక్కడికో పోయాయన్నమాట.

ఇదే లెక్క చిన్న స్థలంలో ఎంత మోసం చేస్తుందో చూపడానికి బావ దుకాణాన్నే కొలిచాం. దస్తావేజులో 30 అడుగులు, 60 అడుగులు, అంటే 200 గజాలు. మ్యాప్‌లో 217 వచ్చింది. కారణం బయటికొచ్చి చూస్తే తెలిసిపోయింది. ముందువైపు రేకులు ఐదడుగులు రోడ్డు మీదికి వచ్చాయి. పైనుంచి కనిపించేది కప్పు, గోడ కాదు. రేకులు లేకపోయినా, చుట్టూ అర మీటరు తేడా పడితే 200 గజాల స్థలం 168 నుంచి 234 దాకా ఎంతైనా చూపొచ్చు. అందుకే ఊళ్ళో ఇంటి స్థలానికి, కొట్టానికి టేపే దిక్కు. మ్యాప్ పనికొచ్చేది ఎకరాల్లో ఉన్న పొలానికి.

పొలం దగ్గరికి మళ్ళీ వద్దాం. తూర్పు వైపు ఒక బండ్ల బాట ఉంది. గడియారం గుర్తు నొక్కి పాత సంవత్సరాల బొమ్మలు చూశాం. పాత బొమ్మలో బాట వెడల్పు 3 మీటర్లు, కొత్త బొమ్మలో 7 మీటర్లు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. వేర్వేరు తేదీల బొమ్మలు ఒకదాని మీద ఒకటి కచ్చితంగా కూర్చోవు, కొన్ని మీటర్లు జరిగి ఉంటాయి. కొత్త బొమ్మలో గీసిన గీతను పాత బొమ్మ మీద చూసి "గట్టు జరిగింది" అనకూడదు. కదలని బావినో కల్వర్టునో చూస్తే అవి కూడా జరిగినట్టే కనిపిస్తాయి. అందుకని బాట వెడల్పును ఏ బొమ్మకు ఆ బొమ్మలోనే కొలవాలి. అలా కొలిస్తే 4 మీటర్లు పెరిగింది. తూర్పు గట్టు పొడవు 130 మీటర్లు. నాలుగుతో గుణిస్తే 520 చదరపు మీటర్లు, అంటే 5 గుంటలు. లెక్క కుదిరింది.

కానీ బాట ఇటువైపే పెరిగిందా, అవతలి రైతు వైపు పెరిగిందా? మ్యాప్ చెప్పలేదు. దానికి టిప్పన్ కావాలి. ఈ సర్వే నంబరు ఎప్పుడూ విడిపోలేదు కాబట్టి టిప్పన్ మొత్తం ఈ పొలానిదే. విడిపోయి ఉంటే టిప్పన్‌లో అసలు నంబరు హద్దులే ఉంటాయి, మన భాగం కనిపించదు. టిప్పన్‌లో కొలతలు గొలుసులు, అణాల్లో ఉంటాయి. గొలుసు 33 అడుగులు, దానికి 16 అణాలు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉంటే ఒక గుంట. ఇందులో పొడవు 13 గొలుసులు, వెడల్పు 7 గొలుసుల 11 అణాలు. గుణిస్తే దాదాపు 100 గుంటలు, అంటే 2-20 సరిపోయింది. మీటర్లలో పొడవు 130.8, వెడల్పు 77.3. మ్యాప్‌లో పొడవు 130 వచ్చింది, కానీ వెడల్పు 72.4 మాత్రమే. పొడవు కలిసి, వెడల్పు దాదాపు 5 మీటర్లు తగ్గింది. బాట ఉన్న దిక్కునే తరుగు ఉందన్నమాట.

ఇంత తెలిసినా మ్యాప్ బొమ్మను చూపించి హద్దు రాయి పాతలేం, పక్క రైతును నిలదీయలేం. అది సర్వేయరు పని. మేం చేసిందల్లా అమ్మేవాళ్ళ ముందు కాగితం పెట్టి, సర్వే అయ్యాక స్వాధీనంలో ఎంత తేలితే అంతకే డబ్బు అని ఒప్పందంలో రాయించడం. సర్వేలో బాట వదిలేసి 2-14 తేలింది. మ్యాప్ చెప్పినదానికి ఒక గుంట తేడా, మన అంచు లెక్కలోపలే. బావ 94 లక్షలు కట్టాడు. జీవామృతం ఎకరానికి 200 లీటర్ల చొప్పున కలిపేటప్పుడు కూడా ఇప్పుడు 2-14కే లెక్క వేస్తున్నాడు, 2-20కి కాదు.